మీసేవ రసీదు పారేయకండి

ఆదాయం, కులం సర్టిఫికెట్ కోసం మీసేవలో అప్లై చేసేవాళ్లకు ఒక మాట. డబ్బు కట్టే ముందు ఆపరేటర్ స్క్రీన్ మీద పేరును మీరే అక్షరం అక్షరం చదవండి. మా అన్నయ్య కూతురికి ఆదాయం సర్టిఫికెట్ తీస్తే, పదో తరగతి మెమోలో ఉన్న ఇంటిపేరు ఇందులో పడలేదు. వచ్చాక చూసుకున్నాం, మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాల్సి వచ్చింది.

రసీదులో అప్లికేషన్ నంబర్ ఉంటుంది. అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మీసేవ సైట్‌లో ఆ నంబర్ కొడితే దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. ఫైలు సాధారణంగా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే ఆర్‌ఐ విచారణ తర్వాతే తహసీల్దార్ దగ్గరికి వెళ్తుంది. నాలుగైదు రోజులైనా స్టేటస్ కదలకపోతే మీసేవ చుట్టూ తిరిగి లాభం లేదు, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఆధార్, రేషన్ కార్డు జిరాక్స్‌లు, రసీదు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో మీ ఊరు చూసే ఆర్‌ఐని కలవండి. మాకైతే అక్కడే పని కదిలింది.

అప్రూవ్ అయితే సర్టిఫికెట్ ఇంటికి వస్తుందని కూర్చోకండి, మీసేవకెళ్లి ప్రింట్ తీసుకోవాలి. రసీదు మాత్రం ఉంచుకోండి, స్కాలర్‌షిప్ ఫారంలో అదే నంబర్ అడుగుతారు.