ఎండలో అలిపిరి మెట్లు ఎక్కేముందు సన్‌స్క్రీన్ ఎంత రాయాలంటే

ఎండలు ముదిరినాయి, పగటిపూట నడిచి కొండెక్కే వాళ్లు ఇవి చూసుకోండి.

ముందు కొలత. చూపుడువేలు, మధ్యవేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండండి, అది మొహానికీ మెడకీ కలిపి. మనలో చానామంది బఠానీ గింజంత తీసుకుని మొహమంతా లాగేస్తారు, అది చాలదు. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ 50 అనే నంబరు ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూసి తేల్చింది, సగమే పూస్తే మీకొచ్చేది సగమో ఇంకా తక్కువో.

పల్చగా రాస్తే ఎందుకు పనిచేయదంటే చర్మం నున్నగా ఉండదు, సన్న గీతలూ మిట్టలూ ఉంటాయి, కొంచెం క్రీము గీతల్లోకి దిగిపోయి మిట్టల మీద దాదాపు ఏమీ మిగలదు, ఎండ అక్కడినుంచే లోపలికి పోతాది.

రెండు వేళ్లంత ఒకేసారి రాస్తే తెల్లగా జిడ్డుగా ఉంటే ఒక వేలు రాసి, కాస్త ఆరినాక రెండోది రాయండి. మొదటిసారి వదిలేసిన చోట్లు కూడా కవరైపోతాయి.

మెడ వెనక, చెవులు మర్చిపోవద్దు, మెట్లెక్కేటప్పుడు తల వంచుకునే నడుస్తాం కదా.

చెమటకి టవల్‌తో గట్టిగా రుద్దితే క్రీమూ పోతాది, అద్దుకోండి. రెండు గంటలకోసారి మళ్లీ అంతే కొలత.

ఇంట్లో ఒక చెక్: 50 గ్రాముల ట్యూబు ఒక్కరే రోజుకోసారి రాస్తే నెలన్నరకి అటూఇటుగా అయిపోవాల, నాలుగు నెలలొస్తే తక్కువ రాస్తున్నట్టే.

గుండు చేయించుకుంటే తలకి వేరేగా తీసుకోండి, ఈ రెండు వేళ్లలో అది లేదు.