వేగం సగటు సరిగ్గా ఉంది, ఊగు మాత్రం పోవడం లేదు: సైన్ డిస్టర్బెన్స్ సమస్య - పరిష్కారం

ఒక రోలర్‌ను మోటార్ నేరుగా 300 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతోంది అనుకుందాం. వేగం లూప్‌లో పీఐ కంట్రోలర్ ఉంది. రోలర్ బరువు మధ్యలో లేక ఒక పక్కకు ఉండటంతో, తిరిగిన ప్రతిసారీ సగం చుట్టు మోటార్‌కు భారంగా, సగం చుట్టు తేలిగ్గా ఉంటుంది. మోటార్ దృష్టిలో అది సెకనుకు 5 సార్లు వచ్చే సైన్ అల ఆకారపు టార్క్. లెక్కలకు వీలుగా దాన్ని కరెంట్‌లో కొలిస్తే 6 ఆంపియర్లు.

కరెంట్ నుంచి వేగానికి మోటార్ మోడల్ ఇలా ఉందనుకుందాం. వేగం రేడియన్ / సెకనులో, కాబట్టి 300 ఆర్‌పీఎం అంటే 31.4. చుట్టుకొకసారి వచ్చే డిస్టర్బెన్స్ కోణీయ పౌనఃపున్యం కూడా అదే 31.4.

```
P(s)  = 10/(s+5)
C0(s) = 5 + 25/s
w0    = 31.4
```

లక్షణం: సగటు తప్పదు, చుట్టుకొకసారి వేగం ఊగుతుంది

డిస్‌ప్లేలో 300 కనిపిస్తుంది, కానీ లాగ్ తీస్తే ±9.6 ఆర్‌పీఎం అల ఉంటుంది. అందరూ ముందుగా చేసే పని గెయిన్ పెంచడం. గెయిన్లు రెండూ రెట్టింపు చేస్తే ఊగు సుమారు ±5.4కి, నాలుగు రెట్లు చేస్తే ±2.8కి దిగుతుంది. తగ్గుతోంది కదా అని ఇంకా పెంచుతూ పోతే లూప్‌లోని ఆలస్యం, ఎన్‌కోడర్ నాయిస్ అడ్డొస్తాయి. మోటార్ కీచుమంటుంది, ఊగు మాత్రం సున్నా కాదు.

కారణం వెతికే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఎర్రర్ సిగ్నల్ మీద ఎఫ్‌ఎఫ్‌టీ తీసి శిఖరం ఎక్కడుందో చూడండి. తర్వాత సెట్ వేగాన్ని 240 ఆర్‌పీఎంకి దించండి. శిఖరం 5 హెర్ట్జ్ నుంచి 4కి జరిగితే అది చుట్టుకు కట్టుబడిన డిస్టర్బెన్సే. జరగకుండా 5 దగ్గరే ఉండిపోతే ఈ రోలర్‌ను నిందించకండి. యంత్రం ఫ్రేమ్‌నో, పక్కన నడిచే ఇంకో యంత్రాన్నో చూడాలి.

కారణం

ఊగు పూర్తిగా పోయిన స్థితిని ఊహించుకోండి. వేగం కచ్చితంగా 300, ఎర్రర్ కచ్చితంగా సున్నా. అయినా 6 ఆంపియర్ల టార్క్ అల ఆగలేదు, రోలర్ బరువు ఎక్కడికీ పోలేదు. వేగం కదలకుండా ఉండాలంటే కంట్రోలర్ ఆ అలకు సరిగ్గా ఎదురుగా మరో 6 ఆంపియర్ల అలను ఎప్పటికీ ఇస్తూనే ఉండాలి. దాని ఇన్‌పుట్‌కు వస్తున్నది మాత్రం సున్నా. ఇన్‌పుట్ ఏమీ లేకుండా 31.4 రేడియన్ల సైన్ అలను, తగ్గకుండా పెరగకుండా, తనంతట తాను ఇవ్వగలిగే లీనియర్ వ్యవస్థ ఏది? `±j31.4` దగ్గర పోల్స్ ఉన్నది మాత్రమే. డిస్టర్బెన్స్‌ను పుట్టించే సమీకరణం `s² + w0²`. దాని మూలాలు కూడా అవే. అంటే డిస్టర్బెన్స్ జనరేటర్ నకలు కంట్రోలర్ లోపల ఉండి తీరాలి. దీన్నే ఇంటర్నల్ మోడల్ ప్రిన్సిపుల్ అంటారు. లీనియర్ వ్యవస్థలకు దీన్ని 1970ల నడుమ ఫ్రాన్సిస్, వోన్‌హామ్ గట్టిగా నిరూపించారు.

పీఐలోని ఇంటిగ్రేటర్ సగటు తప్పును సున్నా చేయడం కూడా ఇదే సూత్రం. స్థిరమైన లోడ్‌ను పుట్టించే పోల్ `s = 0` దగ్గర ఉంటుంది, ఇంటిగ్రేటర్ దాన్ని మోస్తుంది. 31.4 దగ్గర మాత్రం పీఐకి ఏ పోలూ లేదు. అక్కడ దానికున్నది ఒక పరిమిత గెయిన్, అంతే. పరిమిత గెయిన్‌తో అల పుట్టాలంటే ఎంతో కొంత ఎర్రర్ తప్పదు. మనం చూసిన 9.6, 5.4, 2.8 అంతా ఆ తప్పని ఎర్రరే.

బీజగణితంలో చూడాలనుకుంటే, `P = B/A`, `C = N/D` అని రాయండి. డిస్టర్బెన్స్ వల్ల వేగంలో వచ్చే మార్పు ఇది:

```
Y = [B*D / (A*D + B*N)] * 6*w0 / (s^2 + w0^2)
```

లూప్ స్టేబుల్ అయితే మొదటి భాగం నుంచి వచ్చేవన్నీ కాలంతో చచ్చిపోతాయి. చావకుండా మిగిలేది కింద ఉన్న `s² + w0²` ఒక్కటే. పైన `B*D`లో అది ఉంటేనే కొట్టుకుపోతుంది. మోటార్ న్యూమరేటర్ `B` మన చేతిలో లేదు. కాబట్టి `D`లోనే పెట్టాలి. ఇక్కడ `A` పైన లేదని గమనించండి: మోటార్‌లోనే ఆ పౌనఃపున్యం దగ్గర పోల్స్ ఉన్నా, మోటార్ ఇన్‌పుట్ దగ్గర దూరే డిస్టర్బెన్స్‌కు అవి పనికిరావు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు.

అలను ముందే కొలిచి, ఎదురు అలను టేబుల్‌లో పెట్టి కలిపేస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోతుంది, లోడ్ మారేదాకా. ఎత్తు, ఫేజ్ కాస్త తప్పినా మిగులు మళ్లీ కనిపిస్తుంది. పోల్స్ కంట్రోలర్‌లో ఉంటే అల ఎత్తు, ఫేజ్ మనం చెప్పనక్కర్లేదు. మోటార్ గెయిన్ 20 శాతం మారినా, లూప్ స్టేబుల్‌గా ఉన్నంతకాలం ఎర్రర్ సున్నాకే వస్తుంది. తెలియాల్సింది పౌనఃపున్యం ఒక్కటే.

పరిష్కారం: రెజొనెంట్ పదం కలపడం

పీఐకి పక్కన ఈ పదం చేర్చండి:

```
R(s) = kr * (s*cos(phi) - w0*sin(phi)) / (s^2 + w0^2)
```

`kr`, `phi` ఎలా ఎంచాలి? ముందు పీఐ లూప్‌ను మూసి ఉంచి, మోటార్ ఇన్‌పుట్ దగ్గర 31.4 రేడియన్ల చిన్న సైన్ అల ఎక్కించి, వేగంలో వచ్చే అలతో పోల్చండి. మన మోటార్‌కు ఆ నిష్పత్తి 0.167, ఫేజ్ -23 డిగ్రీలు. దాన్ని `G` అందాం. రెజొనెంట్ పదం కలిపాక `±j31.4` దగ్గరి పోల్స్ సుమారు `kr*|G|/2` వేగంతో ఎడమకు జరుగుతాయి, `phi`ని `G` ఫేజ్‌కు ఎదురుగా, అంటే +23 డిగ్రీలు పెడితే. `kr = 50` అయితే అది 4.2. అంటే ఊగు సుమారు పావు సెకను టైమ్ కాన్‌స్టాంట్‌తో కరిగిపోతుంది, ఒక సెకనులో దాదాపు మాయం. `kr` మరీ పెంచితే ఈ అంచనా చెల్లదు, పీఐ లూప్ కూడా కదిలిపోతుంది. పావు సెకను చాలకపోతే నిదానంగా పెంచి చూడండి.

కలపగానే లూప్ పెరిగి పెరిగి పేలిపోతే అది ఫేజ్ తప్పు. `phi` ఎంపికకు, నిజమైన `G` ఫేజ్‌కు ఎదురు విలువకు మధ్య తేడా 90 డిగ్రీలు దాటితే పోల్స్ ఎడమకు బదులు కుడికి జరుగుతాయి, `kr` ఎంత చిన్నదైనా సరే. డ్రైవ్‌లో కమ్యూనికేషన్ ఆలస్యం 40 మిల్లీసెకన్లు ఉందనుకోండి, 31.4 దగ్గర అదొక్కటే 72 డిగ్రీలు. అందుకే `G`ని మోడల్ నుంచి కాకుండా కొలిచి తీసుకోవడం మంచిది.

ఊగు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు

ముందు డిజిటల్ కోడ్‌ను అనుమానించండి. 1 మిల్లీసెకను శాంపిల్‌తో, సాదా ముందుకు ఆయిలర్ పద్ధతిలో రాస్తే పోల్స్ యూనిట్ వృత్తం మీద కాకుండా బయట, 1.0005 దూరంలో పడతాయి. అంటే జనరేటర్ నకలు సరిగ్గా లేదు. మన మోటార్‌కు, `phi` సున్నా పెట్టి లెక్కవేస్తే, ఆ ఒక్క తప్పు వల్లే 13 శాతం ఊగు మిగిలిపోతుంది. `2*cos(w0*T)` వాడే రూపం కాగితం మీద కచ్చితమే. కానీ 20 కిలోహెర్ట్జ్ శాంపిల్‌తో 32 బిట్ ఫ్లోట్‌లో ఆ సంఖ్య 2కి ఎంత దగ్గరగా ఉంటుందంటే, రౌండింగ్ ఒక్కటే పౌనఃపున్యాన్ని ఒక శాతం దాకా జరిపేయగలదు. తిప్పే రూపం ఈ రెండు బాధలూ తప్పిస్తుంది:

```
n1 = c*x1 - s*x2 + T*e
n2 = s*x1 + c*x2
x1 = n1; x2 = n2
u_r = kr*(cos_phi*x1 - sin_phi*x2)
```

ఇక్కడ `c`, `s` అంటే `w0*T` కోణానికి కొసైన్, సైన్.

కోడ్ సరిగ్గా ఉన్నా మిగిలితే, పౌనఃపున్యమే తప్పు. వేగం 1 శాతం మారితే 7 శాతం పైన, 5 శాతం మారితే మూడో వంతుకు పైన ఊగు తిరిగొస్తుంది. రెజొనెంట్‌కు కొంచెం డ్యాంపింగ్ ఇచ్చి వెడల్పు చేస్తే తట్టుకుంటుందని కొందరు సలహా ఇస్తారు. అది రాజీ మాత్రమే. పోల్ ఊహా అక్షం మీద నుంచి ఎడమకు జరిగినంత మేరకు మిగులు శాశ్వతం అవుతుంది. చుట్టుకు కట్టుబడిన డిస్టర్బెన్స్‌కు నా ఓటు వేరే దారికి: పై కోడ్‌లో `w0*T` బదులు, ఆ శాంపిల్‌లో ఎన్‌కోడర్ కోణం ఎంత కదిలిందో ఆ కోణమే వాడండి. వేగం ఎంతైనా నకలు రోలర్‌తో పాటే తిరుగుతుంది.

ఇంకొకటి, స్టార్ట్ చేసేటప్పుడు ఊగు బాగా పెరిగి తర్వాత తగ్గుతుంటే కరెంట్ లిమిట్ చూడండి. 300 ఆర్‌పీఎంకు 15.7 ఆంపియర్లు, దాని మీద అలకు 6. డ్రైవ్ లిమిట్ 20 అయితే అల శిఖరాలు కోసుకుపోతాయి. ఏ కంట్రోలర్ అయినా అక్కడ సున్నా తేలేదు. లిమిట్ తగిలినంత సేపు `e`ని రెజొనెంట్‌కు పంపకుండా ఆపండి, లేకపోతే పీఐ ఇంటిగ్రేటర్ లాగే అది కూడా నిండిపోతుంది.

లాగ్‌లో ఊగు సున్నా, సరుకులో మాత్రం చారలు

ఇది అన్నిటికంటే మోసపు లక్షణం. ఎన్‌కోడర్ డిస్క్ షాఫ్ట్ మధ్యకు సరిగ్గా బిగించకపోతే, నిజమైన వేగం నిలకడగా ఉన్నా కొలిచే వేగంలో చుట్టుకొకసారి అల కనిపిస్తుంది. ఇంటర్నల్ మోడల్ సున్నా చేసేది కొలిచిన ఎర్రర్‌ను. ఆ దొంగ అలను చెరిపేయడానికి అది నిజమైన వేగంలో ఊగు పుట్టిస్తుంది, అదీ ఎంతో శ్రద్ధగా.

తేడా పట్టాలంటే వేగం లూప్‌ను తెరిచి, మోటార్‌కు స్థిరమైన కరెంట్ మాత్రమే ఇచ్చి 300 దగ్గర ఒకసారి, 150 దగ్గర ఒకసారి నడపండి, కొలిచిన వేగంలో అల ఎత్తును గమనించండి. వేగం సగానికి దిగినప్పుడు అల కూడా సగమైతే ఎన్‌కోడర్ బిగింపు తప్పు. అల దాదాపు రెట్టింపైతే నిజమైన టార్క్ డిస్టర్బెన్స్, ఎందుకంటే అదే టార్క్ నెమ్మదైన అలగా వచ్చినప్పుడు రోలర్‌ను ఎక్కువ కదిలిస్తుంది. మొదటిదైతే ముందు కప్లింగ్ విప్పి సరిచేయండి, లేదా ఈ పరీక్షలోనే దొరికిన కోణం తప్పును టేబుల్‌గా రాసి, కొలతలోంచి తీసేశాకే వేగాన్ని లూప్‌కు ఇవ్వండి. అంతవరకు `kr`ని సున్నాలో ఉంచండి.