వారాన్ని బ్లాకులుగా వేసుకోవడం ఎలా? నలభై గంటల లెక్క

క్యాలెండర్‌లో ఏ గంటకు ఏ పనో రంగురంగుల డబ్బాలుగా గీసుకుని, మంగళవారానికల్లా వాటిని వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. నేనూ రెండుసార్లు అలాగే వదిలేశాను. రెండుసార్లూ చేసిన పొరపాటు ఒకటే: వారం ఎలా ఉండాలనుకుంటున్నానో దాన్నిబట్టి గీశాను, అది నిజంగా ఎలా గడుస్తోందో చూడలేదు. అందుకే ఇక్కడ డబ్బాలు గీయడం రెండో అంచెలో వస్తుంది. ఉదాహరణకు నా వారాన్నే తీసుకుంటాను. హైదరాబాద్‌లో డేటా ఎనలిస్ట్ పని, సగం టీమ్ కాలిఫోర్నియాలో.

1. ముందు ఒక వారం రాసిపెట్టండి

ఏమీ మార్చకుండా, మామూలుగా పనిచేస్తూనే, ప్రతి అరగంటకూ ఏం చేశారో ఒక్క మాట రాయండి. నోట్‌బుక్ చాలు. నాలుగే గుర్తులు పెట్టుకోండి: మీటింగ్, మెసేజీలు-మెయిళ్లు, అనుకోకుండా వచ్చిన పని, సొంత పని. మధ్యాహ్నం దాటాక గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది. ఎందుకంటే చాట్‌లో పోయిన సమయం ఎవరికీ గుర్తుండదు.

భోజనం గంట తీసేస్తే నాకు వారానికి 40 గంటలు. ఆ వారం మీటింగులకు 13, మెసేజీలు, మెయిళ్లకు తొమ్మిదిన్నర, అనుకోకుండా వచ్చినవాటికి 7 పోయాయి. సొంత పనికి మిగిలింది పదిన్నర. నన్ను కలవరపెట్టింది పదిన్నర అన్న అంకె కాదు. ఆ పదిన్నరలో గంటకు మించి ఏకధాటిగా సాగిన సందర్భాలు రెండే. మిగతాదంతా మీటింగుకూ మీటింగుకూ మధ్య ఇరుక్కున్న అరగంటలు. ఒక క్వెరీ ఎందుకు తప్పు చూపిస్తోందో పట్టుకోవాలంటే, టేబుళ్లన్నీ మళ్లీ బుర్రలోకి ఎక్కడానికే నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. అరగంటలో ఆ పని తెమలదు.

2. కదలనివి ముందు, తరవాత ఫోకస్, చివర మిగతావి

మీ చేతుల్లో లేనివి ముందు పెట్టండి. నాకైతే మంగళ, గురువారాల్లో రాత్రి 8:30 నుంచి 9:30 దాకా అమెరికా టీమ్‌తో కాల్. దాన్ని ఆఫీసు పని తరవాతి పనిగా చూడకండి, అదీ పనిగంటే. అందుకే ఆ రెండు రోజులూ పని 9:30కి బదులు 10:30కి మొదలుపెడతానని మేనేజరుకు చెప్పి ఒప్పించుకున్నాను. ఈ మాట ముందే మాట్లాడుకోకపోతే రాత్రి గంట ఊరికే కలిసిపోతుంది.

తరవాత ఫోకస్ బ్లాకులు, అంటే సొంత పనికి ఏకధాటిగా ఉంచుకునే గంటలు. అవతలి టీమ్ పని ముగించుకున్న సమయమే మనకు దొరికే నిశ్శబ్దం కాబట్టి నావన్నీ పొద్దున్నే. సోమవారం 10 నుంచి 12, మంగళ, గురువారాలు 11 నుంచి 1, బుధ, శుక్రవారాలు 10 నుంచి 1. మొత్తం 12 గంటలు. మునుపటి పదిన్నర కంటే పెద్ద తేడా ఏమీ లేదని అనిపించవచ్చు. గంటలు పెద్దగా పెరగలేదు, ముక్కలు పోయాయి. మారాల్సింది కూడా అదే. వారానికి 25 ఫోకస్ గంటలు వేసుకునేవాళ్ల క్యాలెండర్ నిలబడకపోవడానికి కారణం, అన్ని గంటలు అసలు వాళ్ల దగ్గర లేకపోవడమే.

మీటింగులను వీలైనంత వరకు మధ్యాహ్నానికి జరపండి. నావి సోమవారం నుంచి గురువారం దాకా 2:30 నుంచి 5 మధ్యకు చేరాయి, సోమవారం 12 గంటలకు ఒకటి మిగిలింది. జరపమని అడిగేటప్పుడు "నాకు కుదరదు" అంటే ఎవరూ జరపరు. "మధ్యాహ్నం 3కి పెడితే పొద్దుటి అంకెలు తీసుకుని వస్తాను" అంటే చాలామంది సరేనంటారు.

మెసేజీలు, మెయిళ్లకు రోజుకు మూడు అరగంటలు: పని మొదట్లో, భోజనం అయ్యాక, సాయంత్రం 6కి. మధ్యలో చాట్ మూసేస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయమని టీమ్‌కు చెప్పి ఉంచాను. ఫోన్ వారానికి ఒకసారో రెండుసార్లో మోగుతుంది, అంతే.

3. బఫర్‌కు కొలత ఉంది

మొదటి అంచెలో "అనుకోకుండా వచ్చిన పని" ఎన్ని గంటలు తేలిందో, బఫర్, అంటే దానికోసం ఖాళీగా వదిలే సమయం, కనీసం అంత ఉండాలి. నాకు 7 తేలింది, ఏడున్నర పెట్టాను: రోజూ 5 నుంచి 6, శుక్రవారం 2:30 నుంచి 5. శుక్రవారం ఖాళీ పెద్దగా ఉంచడం కావాలని చేసిందే. వారమంతా జారిపోయినవి అక్కడికి చేరతాయి. ఇప్పుడు లెక్క సరిపోయింది: 13, ఏడున్నర, 12, ఏడున్నర, మొత్తం 40.

బఫర్‌లో ముందుగా ఏ పనీ రాయకండి. ఏ గొడవా రాని రోజు ఆ గంటలో రేపటి పని మొదలుపెట్టవచ్చు గానీ, సోమవారమే దాన్ని నింపితే అది బఫర్ కాదు.

4. క్యాలెండర్‌లో ఎక్కించడం

గూగుల్ క్యాలెండర్ ఆఫీసు ఖాతాల్లో `Focus time` అనే రకం ఉంటుంది. ఆ సమయంలో వచ్చే మీటింగులను తనంతట తానే తిరస్కరించేలా పెట్టుకోవచ్చు. సెట్టింగుల్లో `Speedy meetings` పెడితే, మీరు పెట్టే అరగంట మీటింగు 25 నిమిషాలకు, గంటది 50 నిమిషాలకు తగ్గుతుంది. వరస మీటింగుల మధ్య మంచినీళ్లు తాగే వీలు దొరుకుతుంది.

బ్లాకు పేరు "రిపోర్ట్" అని రాయకండి. "రీఫండ్ టేబుల్‌లో రెండుసార్లు వస్తున్న వరసలు తీసేయడం" అని రాయండి. కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి.

5. బ్లాకు విరిగినప్పుడు

ఒక బుధవారం 11:20కి ఫోన్ వచ్చింది: అమ్మకాల డాష్‌బోర్డు సున్నా చూపిస్తోంది. లేచేముందు ఒక్క వాక్యం రాసుకున్నాను: "జులై నెల చూశాను, ఆగస్టు నుంచి చూడాలి, అనుమానం ఆర్డర్ నంబరు మీద." డాష్‌బోర్డు 40 నిమిషాలు తీసుకుంది. తిరిగొచ్చాక ఆ వాక్యమే నన్ను సరిగ్గా ఆగిన చోట కూర్చోబెట్టింది. పోయిన 40 నిమిషాలను ఆ సాయంత్రం 5 గంటల బఫర్‌లోకి జరిపాను. విరిగిన బ్లాకును చెరిపేయకండి, అదే వారంలో ఇంకోచోటికి లాగండి. చెరిపేస్తే పని మరుగునపడుతుంది, ఎన్ని బ్లాకులు విరుగుతున్నాయో కూడా తెలియదు.

శుక్రవారం 6 గంటలకు, ఆఖరి మెయిళ్లు చూశాక, పది నిమిషాలు వారాన్ని చూసుకోండి. వరసగా రెండు వారాలు బఫర్ బుధవారానికే అయిపోతే అది అనుకోని పని కాదు, రోజూ వచ్చే పనే. నాకలా తేలింది డేటా సరిచూడమనే అడగడాలు. వాటికి మంగళవారం 3:30కి ఒక గంట మీటింగు తీసేసి చోటిచ్చాను. రాత్రి గంటల్లోకి తోసేస్తే ఆ లెక్క ఎప్పటికీ బయటపడేది కాదు.

అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. కాలిఫోర్నియాలో పొద్దుట 8 గంటల కాల్ మనకు రాత్రి 8:30 నుంచి 9:30కి జరిగి, 10:30కి ముగుస్తుంది. అలాంటి రాత్రి తరవాత బుధవారం పొద్దున మూడు గంటల బ్లాకు నాకు నిలబడలేదు. సోమవారం 12 గంటల మీటింగును బుధవారానికి పంపి, మూడు గంటల బ్లాకును సోమవారానికి తెచ్చుకున్నాను. మార్చి రెండో ఆదివారం వాళ్లు మళ్లీ ముందుకు తిప్పగానే పాత పద్ధతికి వస్తాను. ఈ రెండు తేదీలూ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.