త్రీడీ ప్రింటింగ్ పాఠాలు – 4: పెగ్ కన్నా రంధ్రం ఎంత పెద్దగా ఉండాలి?

పోయిన పాఠంలో మూత గీశాం, ఈసారి ఆ మూతకున్న 8 మి.మీ. పెగ్‌లు డబ్బాలో దిగాలి. రంధ్రం కూడా 8 అని గీస్తే దిగవు. నాజిల్ గుండ్రంగా తిరిగేటప్పుడు మెత్తటి ప్లాస్టిక్ లోపలివైపుకి లాక్కుపోతుంది కాబట్టి రంధ్రం ఎప్పుడూ గీసినదానికన్నా కాస్త చిన్నగానే వస్తుంది. పైగా ఫైల్లో వృత్తం నిజంగా వృత్తం కాదు, చిన్న చిన్న గీతలతో కట్టిన బహుభుజి. 24 గీతలతో గీస్తే అడ్డంగా కొలిచినప్పుడు దాదాపు 0.07 మి.మీ. అక్కడే పోతుంది, అందుకే కింద `$fn` 96 పెట్టాను.

ఎంత పెంచాలో ఊహించకండి, ఎవరి ప్రింటర్ లెక్క వాళ్లదే. ఓపెన్‌స్కాడ్‌లో ఈ కొలత ముక్క ప్రింట్ చేయండి:

```
$fn = 96;
difference() {
  cube([78, 16, 6]);
  for (i = [0:5])
    translate([9 + 12*i, 8, -1])
      cylinder(d = 8 + 0.1*i, h = 8);
}
translate([9, 30, 0])
  cylinder(d = 8, h = 12);
```

8.0 నుంచి 8.5 దాకా ఆరు రంధ్రాలు, ఒక పెగ్. చల్లారాక పెగ్ పైకొసని ఒక్కో రంధ్రంలో పై నుంచి దించి చూడండి. ఉదాహరణకు 8.1లో దిగలేదు, 8.2లో గట్టిగా నొక్కితే దిగింది, 8.3లో బొటనవేలితో సాఫీగా జారింది, 8.4లో ఊగుతోంది అనుకుందాం. అప్పుడు ఊడి రాకూడని పెగ్‌కి 0.2, తీసి పెట్టే మూతకి 0.3 మీ అంకెలు. ఇవి వ్యాసంలో తేడాలు. కొందరు ఒక్కో పక్కకి వదిలే ఖాళీ చెబుతారు, అదైతే ఇందులో సగం, కాబట్టి ఎవరైనా అంకె చెబితే ఏది అని అడగండి.

పెగ్ చాలావరకు దిగి అడుగున మాత్రం ఆగిపోతే తప్పు ఖాళీది కాదు. బెడ్‌కి అదుముకున్న మొదటి లేయర్ పక్కలకి పరుచుకుని రంధ్రం మూతిని బిగించింది. దానికోసం మొత్తం రంధ్రాన్ని పెంచితే పైన వదులైపోతుంది. బెడ్‌వైపు అంచులో అర మి.మీ. ఏటవాలు కోత గీయండి, పెగ్ మొదట్లో కూడా, ఎమరీ పేపర్‌తో పని ఉండదు.

ఇప్పుడు డబ్బా ఫైల్లో `peg = 8;`, `fit = 0.3;` అని ఒకచోట రాసి, రంధ్రాలన్నిటికీ `d = peg + fit` ఇవ్వండి. పెగ్‌ని ముట్టుకోవద్దు, రెండువైపులా సర్దితే ఏది ఎంత మార్చామో మనకే గుర్తుండదు. పెగ్ 20 మి.మీ. అయినా ఈ ఖాళీ దాదాపు ఇంతే, సైజుతో పాటు పెరగదు. అందుకే స్లైసర్లో మోడల్‌ని 50 శాతానికి కుదిస్తే ఖాళీ కూడా సగమై పెగ్ ఇరుక్కుంటుంది, సైజు మార్చాలంటే ఫైల్లోనే మార్చాలి. పీఎల్ఏ నుంచి పీఈటీజీకి మారినా, నాజిల్ మార్చినా కొలత ముక్క మళ్లీ ప్రింట్ చేయాల్సిందే.

ఇదంతా నిలువుగా నిలబడిన రంధ్రాల సంగతి. గోడలో అడ్డంగా ఉండే రంధ్రం పైకప్పు కిందికి జారుతుంది, దానికి ఈ అంకె పనికిరాదు. అది ఐదో పాఠంలో.