చలిలో పరుగు – మూడో పాఠం: గడప దాటగానే కొద్దిగా చలి వేయాలి

చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోయే నూలు బట్టకూ, చెమటను పైకి చేర్చి త్వరగా ఆరిపోయే పాలియెస్టర్ బట్టకూ ఉన్న తేడాను గత పాఠంలో చూశాం. ఈ పాఠంలో ఒక్క ప్రశ్ననే తీసుకుందాం. జనవరి తెల్లవారుజామున అనంతపురంలో పరుగుకు బయలుదేరేవారు ఒంటిమీద ఎన్ని పొరలు వేసుకోవాలి?

కదలకుండా నిలబడినప్పటితో పోలిస్తే, పరిగెత్తేటప్పుడు శరీరం ఎనిమిది, పది రెట్లు ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. అందులో ముప్పాతిక వంతుకు పైగా కదలికకు కాక వేడిగానే మారుతుంది. అయితే ఆ వేడి ఒళ్లంతా పరుచుకోవడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది. గడప దగ్గర హాయిగా ఉన్న దుస్తులు పదో నిమిషానికి బరువెక్కి, ఇరవయ్యో నిమిషానికి చెమటతో తడిసిపోవడానికి కారణం ఇదే. కాబట్టి మొదటి నిమిషం కోసం కాక పదో నిమిషం కోసం దుస్తులు ఎంచుకోవాలి.

ఇందుకు పరుగువారు పాటించే లెక్క ఒకటి ఉంది. ఫోనులో కనిపించే ఉష్ణోగ్రతకు 10 డిగ్రీలు కలిపి, అంత వేడిమిలో ఊరికే నిలబడేటప్పుడు ఏం వేసుకుంటారో అదే వేసుకోవాలి. బయట 15 డిగ్రీలుంటే 25 అనుకోవాలి, అంటే పలుచని పాలియెస్టర్ టీషర్టు ఒక్కటీ, నిక్కరూ చాలు. నడకా పరుగూ కలిపి చేసేవారికి అంత వేడి పుట్టదు కనుక వారు 5 డిగ్రీలు మాత్రమే కలుపుకోవాలి.

మాతో పరిగెత్తే ఒక యువకుడు పోలీసు కానిస్టేబుల్ పరీక్షలోని 1600 మీటర్ల పరుగు కోసం సాధన చేస్తున్నాడు. ఒకనాడు 15 డిగ్రీల చలిలో నూలు బనియను, దానిపై టీషర్టు, ఆపైన దళసరి స్వెట్టరు, తలకు మంకీ క్యాప్ వేసుకుని వచ్చాడు. రెండు కిలోమీటర్లు దాటేసరికి క్యాప్ జేబులోకీ, స్వెట్టరు నడుముకూ చేరాయి, కానీ అప్పటికే బనియను తడిసి ఒంటికి అంటుకుపోయింది. తిరుగు దారిలో ఎదురుగాలి తగిలేసరికి ఆ తడి బట్ట వల్లే వణుకు మొదలైంది. ఎక్కువ బట్టలు వేసుకున్నవాడికే ఎక్కువ చలి వేసింది.

మరుసటి వారం అంతే చలిలో అతడు పొట్టి చేతుల పాలియెస్టర్ టీషర్టు వేసుకుని, పాత పొడుగు మేజోళ్ల వేళ్ల వైపు కత్తిరించి వాటిని చేతులకు తొడుక్కున్నాడు. నాకు ఎంతో నచ్చిన ఉపాయం ఇది, ఎందుకంటే పరుగు ఆపకుండానే మేజోళ్లను మణికట్టు దాకా దింపుకోవచ్చు. గడప దగ్గర రెండు నిమిషాలు నిలబడినప్పుడు చేతులపై రోమాలు నిక్కబొడుచుకున్నాయే గాని వణుకు రాలేదు. మనకు కావలసిన గుర్తు అదే. పళ్లు కటకటలాడినా, వేళ్లు మొద్దుబారినా ఒక పొర తక్కువైందని అర్థం. ఏమాత్రం చలి తెలియకపోతే ఒక పొర ఎక్కువైనట్టు. పదో నిమిషంలో అతడికి ఒళ్లు వెచ్చబడింది, వీపు మాత్రం తడవలేదు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ కాలంలో మనకు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తుంది కాబట్టి, గాలి ఉన్న రోజున తాడిపత్రి దారి వైపు ఎదురుగాలిలో మొదలుపెట్టి, చెమట పట్టాక గాలిని వీపుకు పెట్టుకుని తిరిగి రావడం మంచిది. గాలి మరీ విసురుగా ఉంటే ఇంకో టీషర్టు వేసుకోవడం కన్నా, జిప్పు ఉన్న పలుచని విండ్‌చీటర్ మేలు, ఎందుకంటే వేడెక్కగానే జిప్పు దించుకోవచ్చు. చలికాలంలో ఢిల్లీ వంటి చోటికి వెళ్లి 6 డిగ్రీలలో పరిగెత్తాల్సి వస్తే, నిండు చేతుల పాలియెస్టర్ చొక్కాపై ఇదే విండ్‌చీటరు, కాళ్లకు ట్రాక్ ప్యాంటు, చేతులకు పలుచని గ్లౌజులు సరిపోతాయి.

ఈ లెక్క పరుగులో ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఎంపిక మైదానంలో మీ వంతు కోసం గంటసేపు నిలబడాల్సి వస్తే స్వెట్టరు వేసుకునే ఉండి, పిలుపు వచ్చాకే తీయండి. పరుగు ఆపగానే శరీరంలో వేడి పుట్టడం తగ్గిపోతుంది, తడి బట్ట మాత్రం చల్లబరుస్తూనే ఉంటుంది, అందుకే టీ కొట్టు దగ్గర ఆగడానికి ముందే పొడి చొక్కా మార్చుకోవాలి.

ఈ వారం అభ్యాసంగా నాలుగు ఉదయాలు పరిగెత్తి, ఉష్ణోగ్రత, వేసుకున్న బట్టలు, గడప దగ్గర చలి, పదో నిమిషంలో వీపు తడి, ఈ నాలుగింటినీ పుస్తకంలో రాయండి. వీపు తడిస్తే మరుసటి రోజు ఒక పొర తగ్గించండి, పదో నిమిషంలోనూ చలి వదలకపోతే ఒకటి పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏ మార్పు వల్ల తేడా వచ్చిందో తెలియదు.