చొక్కా అసలు ఖర్చు ఎలా కట్టాలి? గుడ్డ నుంచి హోల్‌సేల్ ధర దాకా

చిన్న లేబుల్ నడిపేవాళ్లు చాలామంది గుడ్డ ఖర్చు, కుట్టుకూలీ కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి ధర పెట్టేస్తారు. నేరుగా కస్టమర్‌కి అమ్మినంతకాలం ఈ పద్ధతి ఎలాగోలా నడుస్తుంది. షాపులకు హోల్‌సేల్‌లో ఇవ్వడం మొదలుపెట్టాకే లోటు బయటపడుతుంది. ఆర్డర్లు పెరుగుతాయి, చేతిలో డబ్బు మాత్రం మిగలదు. అందుకని ఒక్క ఫుల్‌హ్యాండ్స్ చొక్కాని తీసుకుని, 60 చొక్కాల లాట్‌కు ఖర్చు మొదటినుంచి చివరిదాకా కట్టి చూద్దాం. ఏ కరెన్సీలోనైనా పద్ధతి ఒకటే కాబట్టి అంకెలు మాత్రమే రాస్తున్నాను. అవి ఉదాహరణ కోసం వేసుకున్నవి, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

మొదట గుడ్డ

శాంపిల్ కుట్టినప్పుడు ఎంత గుడ్డ పట్టిందో అదే కాస్టింగ్ షీట్‌లో రాయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక్క చొక్కా ముక్కలే పరిస్తే మధ్యలో ఖాళీలు ఎక్కువగా మిగులుతాయి. అదే నాలుగు సైజుల చొక్కాల ముక్కలు కలిపి మార్కర్, అంటే గుడ్డ మీద ముక్కలు ఎలా పరవాలో చూపే గీత, వేస్తే, ఒకదాని చేతి వంపులో ఇంకోదాని కాలర్, కఫ్ ముక్కలు ఇమిడిపోతాయి. మన చొక్కాకు విడిగా 1.75 మీటర్లు పట్టిందనుకోండి. ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ ఒక్కోటి పెట్టి వేసిన మార్కర్ పొడవు 6 మీటర్లు వచ్చింది. అంటే సగటున చొక్కాకు ఒకటిన్నర మీటరు. ఆర్డర్‌లో పెద్ద సైజులు ఎక్కువైతే ఈ సగటు పెరుగుతుంది కాబట్టి, ఏ సైజు ఎన్ని పోతాయో దాన్నిబట్టే మార్కర్ వేయాలి.

మార్కర్ వేసేముందు గుడ్డ పన్నా స్వయంగా కొలవండి. బిల్లు మీద 147 సెంటీమీటర్లు అని ఉన్నా, రెండు పక్కలా అంచు పోగా వాడుకోవడానికి 144 మాత్రమే ఉండొచ్చు. ఒకే రంగు గుడ్డ అయినా తానుకూ తానుకూ పన్నా మారుతుంది. అన్నింటిలోకీ సన్నగా ఉన్న తాను కొలతకే మార్కర్ వేయాలి, లేదా ఆ తానుని విడిగా కత్తిరించాలి. ప్రింట్ ఒకవైపే చూస్తున్నా, గళ్లు కలపాల్సి వచ్చినా ముక్కలను తిప్పి పెట్టడం కుదరదు. సాదా గుడ్డకు వచ్చిన లెక్కను అలాంటి గుడ్డకు వాడొద్దు.

ఇప్పుడు కొనాల్సిన మీటర్లు చూద్దాం. ఒక్కో వరస గుడ్డకు నాలుగు చొక్కాలు కాబట్టి 60 చొక్కాలకు 15 వరసలు పరవాలి. ఒక్కో వరసలో రెండు కొసలా కలిపి 4 సెంటీమీటర్లు వదులుతాం కాబట్టి 15 × 6.04 = 90.6 మీటర్లు. గుడ్డని ముందే ఉతికి కత్తిరిస్తాం, పొడవులో 3 శాతం కుంచించుకుంటుంది అనుకుందాం. ఇక్కడ 3 శాతం కలపడం కాదు, 0.97తో భాగించాలి. 93.4 మీటర్లు వస్తుంది. మరకలకు, నేత లోపాలకు, తాను చివర మిగిలే ముక్కలకు ఇంకో 3 శాతం కలిపితే సుమారు 96 మీటర్లు. చొక్కాకు 1.60 మీటర్లు. రవాణాతో కలిపి మీటరు 105 పడితే, గుడ్డ ఖర్చు 168.

కుంచించుకోవడం ఎంతో తెలియాలంటే ఊహించక్కర్లేదు. గుడ్డ మీద 50 సెంటీమీటర్ల చతురస్రం గీసి, ఆ చొక్కాని కస్టమర్ ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక పొడవు, వెడల్పు మళ్లీ కొలవండి. 48.5 వస్తే 3 శాతం పోయినట్టు. వెడల్పులో కూడా కుంచించుకుంటే మార్కర్‌ని ఉతికిన తర్వాతి పన్నాకే వేయాలి.

బటన్లు, స్పేర్ బటన్, కాలర్‌కి కఫ్‌కి ఫ్యూజింగ్, దారం, లేబుళ్లు, కవర్ అన్నీ కలిపి 32 వేద్దాం. దారాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకు వంద మీటర్లకు పైనే పడుతుంది, కాబట్టి రాయాల్సిందే. మొత్తం మెటీరియల్ 200.

నిమిషాల లెక్క

టైలర్ జీతాన్ని నెలలో కుట్టిన చొక్కాలతో భాగిస్తే వచ్చేది గడిచిపోయిన నెల సంగతి. కొత్త డిజైన్‌కి ఎంత పడుతుందో అది చెప్పదు. చెప్పేది నిమిషాలే. కాలర్, కఫ్, చేతి ప్లాకెట్, జేబు, పక్క కుట్లు... ఒక్కో పనికి స్టాప్‌వాచ్‌తో టైమ్ చూడండి. శాంపిల్ కుట్టేటప్పుడు కాదు, చేయి అలవాటు పడ్డాక, నాలుగైదు చొక్కాల మీద చూసి సగటు తీయండి. కుట్టడానికి 52 నిమిషాలు వచ్చిందనుకుందాం. దారం తెగడం, బాబిన్ మార్చడం, మంచినీళ్లకు లేవడం లాంటివాటికి 15 శాతం కలిపితే సుమారు 60 నిమిషాలు. కటింగ్‌కి చొక్కాకు 6, కాజా బటన్, దారాలు కత్తిరించడం, ఇస్త్రీ, ప్యాకింగ్‌కి 14. మొత్తం 80 నిమిషాలు.

నిమిషం ఖరీదు ఎంత? ఒక మనిషికి జీతం, చట్టప్రకారం మనం కట్టాల్సినవి, బోనస్ అన్నీ కలిపి నెలకు 15,000 అవుతోంది. సెలవులు పోగా 24 రోజులు, రోజుకు 480 నిమిషాలు అంటే 11,520 నిమిషాలు. ఇంతతో భాగిస్తే నిమిషానికి 1.30 వస్తుంది. కానీ ఆ నిమిషాలన్నీ కుట్టు మీదే పోవు. డిజైన్ మారినప్పుడల్లా మెషీన్ సెట్ చేయాలి, ముక్కల కోసం ఎదురుచూడాలి, తప్పు కుట్టు విప్పాలి. పైగా చిన్న లాట్‌లో చేయి తిరిగేలోపే పని అయిపోతుంది. 65 శాతం మాత్రమే ఫలితం ఇస్తోందనుకుంటే మిగిలేది సుమారు 7,490 నిమిషాలు, నిమిషానికి 2. చొక్కాకు కూలీ 80 × 2 = 160. 1.30 లెక్కన చూస్తే 104 మాత్రమే కనిపించేది. నేను చూసిన కాస్టింగ్ షీట్లలో ఎక్కువ నష్టం దాగి ఉండేది ఈ తేడాలోనే.

మీ శాతం ఎంతో తెలుసుకోవడం కష్టం కాదు. వారంలో పూర్తయిన చొక్కాలను వాటి నిమిషాలతో గుణించి, అందరూ హాజరైన మొత్తం నిమిషాలతో భాగించండి. బయట పీస్ రేట్‌కి కుట్టిస్తే ఆ రేటే రాయండి. రానుపోను రవాణా, సరిచూసే మనిషి టైమ్, తిరిగొచ్చిన వాటి రిపేర్ మాత్రం మీ లెక్కలోనే ఉంటాయి.

ఓవర్‌హెడ్స్ ఎక్కడ వేయాలి

అద్దె, కరెంటు, మెషీన్ల రిపేర్, తరుగుదల, ఫోటోలు, అకౌంట్స్, ముఖ్యంగా మీ సొంత జీతం కలిపి నెలకు 45,000 అనుకుందాం. దీన్ని చాలామంది మెటీరియల్ మీద ఇంత శాతం అని వేస్తారు. అలా వేస్తే ఖరీదైన గుడ్డతో చేసిన సులువైన చొక్కా మీద భారం ఎక్కువ పడుతుంది. చవక గుడ్డతో చేసిన, రోజంతా తినేసే చొక్కా మాత్రం లాభంగా కనిపిస్తుంది. అద్దె, కరెంటు ఖర్చయ్యేది టైమ్‌ని బట్టి కాబట్టి వాటిని కూడా నిమిషాల మీదే వేయడం న్యాయం. నలుగురు పనిచేస్తున్నారనుకుంటే, ఒక్కొక్కరికి 7,490 చొప్పున నెలకు దాదాపు 30,000 నిమిషాలు వస్తాయి. 45,000ను దాంతో భాగిస్తే నిమిషానికి 1.50, చొక్కాకు 120.

ప్యాటర్న్, సైజుల గ్రేడింగ్, శాంపిళ్లకు ఈ డిజైన్‌కి 2,400 అయింది. 60తో భాగిస్తే 40. నిజంగా అమ్ముడుపోతాయనుకున్న సంఖ్యతోనే భాగించాలి. ముప్పయ్యే పోతే ఇదే 80 అవుతుంది.

ఇప్పటికి 200 + 160 + 120 + 40 = 520. వందలో నాలుగు లోపాల వల్ల సెకండ్స్‌గా పక్కకు పోతాయనుకుంటే 520ని 0.96తో భాగించండి. అమ్ముకోగల ఒక్కో చొక్కా ఖర్చు 542.

హోల్‌సేల్ ధర

ఇక్కడ అందరూ తడబడేది ఒక్కచోటే. మార్జిన్ అమ్మకపు ధరలో భాగం, ఖర్చు మీద కలిపేది కాదు. మనకు 25 శాతం మిగలాలి, ఏజెంట్‌కి 10 శాతం కమీషన్ పోవాలి అనుకుందాం. రెండూ కలిపి 35 కదా అని ఖర్చు మీద 35 శాతం కలిపితే 732 వస్తుంది. అందులో కమీషన్ 73, ఖర్చు 542 పోతే మిగిలేది 117, అంటే 16 శాతమే. చేయాల్సింది భాగహారం:

```
542 ÷ (1 − 0.25 − 0.10) = 834
```

835 పెడదాం. కమీషన్ 83.50 పోయి, ఖర్చు పోయి, 209.50 మిగులుతుంది. మొదట చెప్పిన రెట్టింపు పద్ధతిలో ఇదే చొక్కాకు మెటీరియల్ 200, కూలీ 104 కలిపి 304, ధర 608 అయ్యేది. కమీషన్ 60.80, అసలు ఖర్చు 542 పోతే చేతికి వచ్చేది 5 మాత్రమే. షాపు నెలో రెండు నెలలో ఆగి డబ్బు ఇస్తే అదీ మిగలదు.

షాపువాళ్లు హోల్‌సేల్ ధరకు రెండు రెట్లో, రెండున్నర రెట్లో వేసి అమ్ముతారు. 2.2 రెట్లు అనుకుంటే పన్నులు కాక 1,837. మీరు మీ సొంత సైట్‌లో ఇంతకంటే బాగా తగ్గించి అమ్మితే షాపువాళ్లు రెండోసారి ఆర్డర్ ఇవ్వరు. కాబట్టి రిటైల్ ధర కూడా మీరే మొదటే నిర్ణయించుకోవాలి.

ధర ఎక్కువైతే

ఇలాంటి చొక్కాకు కస్టమర్ 1,600 కంటే పెట్టరని తెలిస్తే లెక్కను వెనక్కి కట్టండి. 1,600 ÷ 2.2 = 727. దానిలో 65 శాతం, అంటే 473లోపు ఖర్చు ఉండాలి. దాదాపు 70 తగ్గాలి. మార్జిన్‌లోంచి తీయకుండా డిజైన్‌ని చూడండి. మన చొక్కాలో ఒక నిమిషం ఖరీదు కూలీ, ఓవర్‌హెడ్స్ కలిపి 3.50. పది సెంటీమీటర్ల గుడ్డ ఖరీదు 10.50. అంటే మూడు నిమిషాలూ పది సెంటీమీటర్లూ ఇక్కడ సమానం.

మూత ఉన్న జేబు తీసేసి, చేతి ప్లాకెట్‌ని సాదా పట్టీగా మార్చి, పక్కల మడత కుట్టు బదులు ఓవర్‌లాక్ వేస్తే 12 నిమిషాలు తగ్గాయనుకుందాం. అది 42. జేబు ముక్కలు పోయి, వీపు మడత కూడా తీసేయడంతో పది సెంటీమీటర్లు కలిసొస్తే 10.50. గుడ్డ విషయం మాత్రం మళ్లీ మార్కర్ వేసి చూశాకే నమ్మండి. లాట్ 60 నుంచి 100కి పెంచగలిగితే శాంపిల్ ఖర్చు 40 నుంచి 24కి దిగుతుంది. మొత్తం 68.50 తగ్గి, 451.50 అయి, సెకండ్స్ కలిపాక 470 వస్తుంది. ఆ నూరూ అమ్ముడవుతాయన్న నమ్మకం లేకపోతే ఈ మూడోది లెక్కలోకి తీసుకోవద్దు.

లాట్ పూర్తయ్యాక షీట్‌ని అలా వదిలేయకండి. కటింగ్ టేబుల్‌కి ఇచ్చిన మొత్తం మీటర్లను ప్యాక్ అయిన చొక్కాలతో భాగించి, 1.60ని 0.96తో భాగిస్తే వచ్చే 1.67తో పోల్చండి. 1.75 వచ్చిందంటే కొసల్లో ఎక్కువ వదులుతున్నారో, సన్న పన్నా తాను కలిసిందో, లేక సెకండ్స్ మీరు అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చాయో చూడాలి. నిమిషాలు కూడా ఇలాగే పోల్చి, అసలు వచ్చిన అంకెలనే తర్వాతి డిజైన్ షీట్‌లో పెట్టండి.