సముద్రపు గాలిలో రేకుల షెడ్డు – 4వ పాఠం: మందం వేరు, పూత వేరు

పోయిన పాఠంలో పర్లిన్ల మధ్య దూరం లెక్క కట్టుకున్నాం. ఈసారి వాటి మీద పరిచే రేకు సంగతి. ఈ పాఠానికి పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు ఉన్న రేకు ముక్క ఒకటి, గ్రాములో నూరో వంతు దాకా చూపే త్రాసు ఒకటి కావాలి. బంగారు కొట్లో ఉండే త్రాసు సరిపోతుంది. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఉప్పాడ దగ్గర, అలలు విరిగే చోటికి 300 మీటర్లు కూడా ఉండదు, ఒకాయన ఎండుచేపల గిడ్డంగి కట్టుకున్నారు. రెండో వర్షాకాలం దాటేసరికి చూరు కింద రేకు ఎర్రబడింది. నన్ను పిలిచి చూపించి, "0.60 రేకు వేయించానండీ. మా బావగారి షెడ్డుకి 0.45 వేశారు, మాది దానికంటే ఎంతో మందం. మరి ఇలా ఎందుకైందంటారు?" అని అడిగారు. కోస్తాలో ఈ ప్రశ్న నాకు వందసార్లు ఎదురై ఉంటుంది.

నిచ్చెన వేసుకుని చూస్తే పైభాగం ఇంకా బూడిద రంగులోనే ఉంది. ఎర్రబడింది అడుగువైపు, అదీ సముద్రం వైపు చూరు కింద. తుప్పు ఎక్కడ మొదలైందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పైన పడిన ఉప్పును వాన కడిగేస్తుంది. చూరు కింద వాన తగలదు కాబట్టి గాలి తెచ్చిన ఉప్పు అక్కడే పేరుకుంటుంది. ఆ ఉప్పు ఊరికే కూర్చోదు. డబ్బాలో కల్లుప్పు చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీళ్లు పీలుస్తుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకా తక్కువ తేమకే తడుస్తుంది. అంటే వాన చుక్క పడకపోయినా, తెల్లవార్లూ ఆ రేకు ఉప్పునీళ్లలో తడిసినట్టే.

ఇప్పుడు త్రాసు పని. షెడ్డులో మిగిలిపోయిన, వాడని రేకు ముక్క ఒకటి ఉంటే తెచ్చుకున్నాను. పది సెంటీమీటర్ల చదరం కత్తెరతో కోసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి తూచాను. 44.4 గ్రాములు. తర్వాత దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో, నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచాను. (ఆరుబయట చేయండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను యాసిడ్‌లో పోయకండి.) ఇనుము మీద పూతగా ఉన్న జింకు కరుగుతున్నంతసేపూ బుసబుసమని బుడగలు వస్తాయి. అవి ఒక్కసారిగా తగ్గాయంటే జింకు అయిపోయి ఇనుము బయటపడిందన్నమాట. ఆ క్షణమే తీసి, కడిగి, తుడిచి తూచాలి. ఆలస్యమైతే యాసిడ్ ఇనుమును కూడా తినడం మొదలెట్టి లెక్క తప్పుతుంది. రెండోసారి తూచితే 43.5 గ్రాములు వచ్చింది.

ఈ రెండు అంకెల్లోనే రేకు జాతకమంతా ఉంది. తగ్గిన బరువు 0.9 గ్రాములు. ముక్క చదరపు మీటరులో నూరో వంతు కాబట్టి నూరుతో గుణిస్తే చదరపు మీటరుకు 90 గ్రాములు. దుకాణాల్లో దీన్నే జీఎస్ఎం అంటారు. గుర్తుంచుకోండి, ఇది రెండు వైపులా కలిపి ఉన్న బరువు. ఒక వైపుకు 45 గ్రాములే. దాన్ని జింకు సాంద్రత 7.14తో భాగిస్తే 6.3 మైక్రాన్లు. ఇక మిగిలిన ఇనుము మందం. ఒక మిల్లీమీటరు ఇనుప రేకు ఈ సైజులో 78.5 గ్రాములు తూగుతుంది. 43.5ని 78.5తో భాగిస్తే 0.554 మిల్లీమీటర్లు. పూత కలిపినా 0.57 దాటదు. ఆయనకు అమ్మింది 0.60 అని. ఇందులో పోయింది తక్కువే, అసలు దెబ్బ ఆ 90 దగ్గర తగిలింది.

గాలి ఎంత తింటుందో చెప్పే వర్గాలు ఐఎస్ఓ 9223 ప్రమాణంలో ఉన్నాయి. అలల పక్కనున్న ఇలాంటి చోటును సీ5 అనుకుందాం. ఆ వర్గంలో మొదటి ఏడాదిలో జింకు 4.2 నుంచి 8.4 మైక్రాన్ల దాకా పోతుంది. పూత లేని ఇనుమైతే 80 నుంచి 200 మైక్రాన్లు. 6.3 మైక్రాన్ల పూతకు ఈ లెక్కన ఆయుష్షు తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర. ఆయన షెడ్డు సరిగ్గా అలాగే నడిచింది.

మందం ఏం కొనిపెట్టిందో కూడా ఇదే లెక్కతో చూద్దాం. 0.45 బదులు 0.55 ఇనుము వేస్తే చదరపు మీటరుకు 785 గ్రాములు అదనం. పూత పోయాక ఆ 0.1 మిల్లీమీటరు, ఏడాదికి 80 నుంచి 200 మైక్రాన్ల చొప్పున, ఆరు నెలల నుంచి పదిహేను నెలలు తట్టుకుంటుంది. అప్పటికే రేకు ఎర్రగా ఉంటుంది కూడా. అదే డబ్బు పూతలో పెట్టి 275 జీఎస్ఎం రేకు తీసుకుంటే అదనంగా పడే జింకు 185 గ్రాములే. కానీ ఒక్కో వైపుకు 13 మైక్రాన్లు పెరిగి, ఏడాదిన్నర నుంచి మూడేళ్లు కలిసొస్తుంది, అదీ తుప్పు కనపడక ముందు. లెక్క మోటుదే. తుప్పు ఎప్పుడూ సమానంగా తినదు, ఒకచోట గుంట పెట్టి బొక్క పొడుస్తుంది. అయినా ఎటువైపు మొగ్గాలో చెప్పడానికి ఇది చాలు.

అలాగని పల్చటి రేకు వేయమని కాదు. మందం పని వేరే ఉంది. మనిషి నడిస్తే రేకు సొట్ట పోకుండా ఉండటానికి, తుఫాను గాలి పైకి లాగినప్పుడు స్క్రూ తల చుట్టూ చిరిగిపోకుండా ఉండటానికి మందం కావాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రేకులు కాగితాల్లా ఎగిరిపోవడం చాలామంది చూశారు. గాలికి మందం, ఉప్పుకు పూత. రెండూ వేరు వేరు ఖర్చులు.

ఇప్పుడు గాల్వాల్యూమ్ అని పిలిచే రేకు. ఆ పేరుతో దాన్ని 1972లో అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. పూతలో బరువు ప్రకారం 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్. ఇక్కడ చాలామంది జీఎస్ఎం అంకెలను పక్కపక్కన పెట్టి, "జింకు 275, ఇది 150, అంటే ఇది తక్కువ రకం" అనుకుంటారు. అల్యూమినియం తేలిక లోహం కాబట్టి ఈ పూత సాంద్రత 3.75 మాత్రమే. ఒక వైపు 75 గ్రాములను 3.75తో భాగిస్తే 20 మైక్రాన్లు. అంటే 150 జీఎస్ఎం గాల్వాల్యూమ్ పూత, 275 జీఎస్ఎం జింకు పూత, రెండూ దాదాపు ఒకే మందం. ఆ మందంలోనే గాల్వాల్యూమ్ సముద్రగాలిలో మామూలుగా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. పూత లోపల అల్యూమినియం కొమ్మల్లా అల్లుకుని ఉంటుంది, సందుల్లో జింకు ఉంటుంది. ముందు జింకు తినబడి, దాని తెల్లటి ముద్దే సందులను పూడ్చేస్తుంది. కొమ్మలు అలాగే నిలబడతాయి.

దీని బలహీనత అంచుల దగ్గర. గీత పడినా, కోసిన అంచు బయటపడినా మామూలు జింకు తాను కరిగి పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. అల్యూమినియం పాలు ఎక్కువైన కొద్దీ ఈ త్యాగం తగ్గుతుంది. అందుకే ఈ రేకును గ్రైండర్‌తో కోయనివ్వకండి. రవ్వలు వేడివేడిగా వెళ్లి పక్క రేకుల్లో దిగబడతాయి, వారంలో ఎర్రటి చుక్కలు లేస్తాయి, రేకే తుప్పు పట్టిందని గోల మొదలవుతుంది. కత్తెరో నిబ్లరో వాడాలి. ఇంకో సంగతి, తడి సిమెంటు తగలకూడదు. గోడ పక్కన మేస్త్రీ సున్నం, సిమెంటు చిమ్మితే ఆ క్షారం ఈ పూతను జింకు కంటే తొందరగా తినేస్తుంది. పశువుల కొట్టానికీ కోళ్ల షెడ్డుకీ దీన్ని తప్పించండి, అమ్మోనియా పడదు.

కలర్ రేకు దగ్గర ఒకే ప్రశ్న అడగాలి: "రంగు కింద ఏముంది?" రంగు మొత్తం పైవైపు 25 మైక్రాన్లే, అందులో 5 ప్రైమర్, 20 పైపూత. అడుగువైపు తరచుగా 5 నుంచి 10 మైక్రాన్ల పల్చటి పూతే ఉంటుంది. మనం చూశాం కదా, తుప్పు మొదలయ్యేది అడుగువైపే. బజారులో రంగు బాగా మెరిసే రేకుల్లో చాలావాటికి కింద 70 జీఎస్ఎం గాల్వాల్యూమే ఉంటుంది, ఒక వైపు తొమ్మిది మైక్రాన్ల పైచిలుకు. రంగు ఉప్పునీటిని కొన్నేళ్లు ఆపగలదు కానీ కోసిన అంచు నుంచి తడి లోపలికి పాకితే పొర కింద బుడగలు లేస్తాయి. చూరు కొసన వేలితో రుద్ది చూడండి, రంగు పొట్టులా లేస్తుంటే లోపల పని మొదలైనట్టే.

గిడ్డంగి ఆయనకు చివరికి రాసిచ్చింది ఇదీ: ఇనుము 0.45, గాల్వాల్యూమ్ 150 జీఎస్ఎం, రంగు రెండు వైపులా పూర్తి మందంతో. బిల్లు మీద ఆ రెండు అంకెలూ రాయించుకోవాలి, ఉత్త "0.50 కలర్ రేకు" అని కాదు. నాలుగు నెలలకోసారి మంచినీళ్ల గొట్టంతో చూరు కింద కడగాలి. "చూరు కింద నీళ్లు కొట్టడమేంటండీ, నవ్వుతారు" అన్నారాయన. నవ్వనివ్వండి అన్నాను.

అభ్యాసం: మీ ఊళ్లో దొరికే జీఐ రేకు ముక్క కోసి, పైన చెప్పినట్టు తూచి, జీఎస్ఎం, ఇనుము మందం రెండూ కట్టి రాసుకోండి. ముక్క కొలత 10కి బదులు 9.8 సెంటీమీటర్లు వస్తే నూరుతో గుణించకండి, అసలు వైశాల్యంతోనే లెక్క వేయాలి. వచ్చే పాఠంలో స్క్రూలు, వాషర్లు. రేకు కంటే ముందు పోయేవి అవే.